దిద్దాలనే దురద

పిల్లలు వేసిన బొమ్మ ఏది నా ముందుకొచ్చినా నాలో ముందుగా లేచేది దాన్ని దిద్దాలన్న కోరిక. చాలాకాలం ఆ కోరికకు మంచి మంచి పేర్లు పెట్టుకున్నాను. శుభ్రం చేస్తున్నానన్నాను, అచ్చుకు అనువుగా మారుస్తున్నానన్నాను, బొమ్మకు న్యాయం చేస్తున్నానన్నాను. పుస్తకాలకు బొమ్మలు వేయడమే నా బతుకుతెరువు కాబట్టి ఎవరూ ఎదురు అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. నిజం చెప్పాలంటే ఆ కోరికలో సగం గర్వమే. చూసినవాళ్ల కన్ను పిల్ల గీత మీద ఆగకుండా నా పనితనం మీదికి రావాలన్న ఆశ.

మా చెల్లెలి కూతురికి ఏడేళ్లు. సెలవులకు గుంటూరు దగ్గర పల్లెలో ఉన్న మా అమ్మ దగ్గరికి వెళ్లి, అక్కడి గేదెను నోటుపుస్తకంలో పెన్సిల్‌తో వేసింది. చెల్లెలు దాన్ని ఫోనుతో ఫొటో తీసి పంపి, "అక్కా, దీనికి రంగులేసి మంచి బొమ్మగా చేసిపెట్టవా? ఫ్రేము కట్టించి అమ్మకిద్దాం. కానీ పాప వేసినట్టే ఉండాలి" అంది. ఆ చివరి మాటలోనే ఉంది కష్టమంతా. రంగులేయడం నాకు అలవాటైన పని. పాప వేసినట్టే ఉంచడానికి మాత్రం నా అలవాట్లేవీ సాయం రావు. పైగా అడ్డం పడతాయి. అందుకే ఈసారి పని చేస్తూనే, చెయ్యి ముందుకు వెళ్లిన ప్రతిచోటా అది ఎందుకు వెళ్తోందో చూసుకోవాలనుకున్నాను.

బొమ్మ ఇలా ఉంది. గేదె పక్కకు తిరిగి నిలబడింది, కానీ రెండు కళ్లూ మనవైపే ఉన్నాయి. నాలుగు కాళ్లూ ఒకే వరసలో, సమానమైన ఎడంతో ఉన్నాయి. పొట్టలో చిన్న దూడ కనిపిస్తోంది, ఎందుకంటే గేదె చూడితో ఉందని అమ్మమ్మ చెప్పింది. పక్కన అమ్మమ్మ గేదెకంటే ఎత్తుగా ఉంది. గేదె మెడ నుంచి గుంజ దాకా పలుపు. గేదె ఒళ్లంతా పెన్సిల్‌ని అటూ ఇటూ రుద్దిన నలుపు, ఆ నలుపులో అక్కడక్కడా తెల్లటి సందులు.

వీటిలో ఏది తప్పు? నేను చదివిన బొమ్మల చదువు ప్రకారం దాదాపు అన్నీ. కానీ జార్జ్ హెన్రీ లూకే అనే ఫ్రెంచి పండితుడు తన సొంత కూతురి బొమ్మలను ఏళ్ల తరబడి పోగుచేసి, 1913లో వాటి మీదే ఒక పుస్తకం రాశాడు. ఆ తరవాత 1927లో పిల్లల బొమ్మల మీద ఇంకో పుస్తకం తెచ్చాడు. ఆయన తేల్చిన సంగతుల్లో ముఖ్యమైనది ఇది: ఒక వయసులో పిల్లలు కంటికి కనిపించినదాన్ని మాత్రమే వేయరు, ఆ వస్తువు గురించి తమకు తెలిసినదాన్ని వేస్తారు. గేదెకు రెండు కళ్లున్నాయని పాపకు తెలుసు, కాబట్టి రెండూ ఉండాలి. కడుపులో దూడ ఉందని తెలుసు, కాబట్టి అది కనపడాలి. ఇవి చేతకాక వచ్చిన వంకరలు కావు, తీసుకున్న నిర్ణయాలు. ఈ సంగతి నాకు చదువుకున్నప్పటినుంచీ తెలుసు. తెలిసి కూడా రెండో కంటిని చూడగానే చెయ్యి దురద పెట్టిందంటే ఆ దురద తెలియనితనం వల్ల వచ్చింది కాదు.

అప్పుడు నాకు నేను ఒక ప్రశ్న పెట్టుకున్నాను. నాకు నచ్చనిది కనిపించిన ప్రతిచోటా, ఇది ఫోను చేసిన తప్పా, పాప చేసిన నిర్ణయమా అని అడగాలి. ఫోను తప్పయితే ఎంత కష్టమైనా పూర్తిగా తీసేయాలి. పాప నిర్ణయమైతే ముట్టుకోకూడదు. చెప్పడానికి సులువుగానే ఉంది. కానీ ఈ రెంటికీ మధ్య గీత గీయడానికి కూర్చున్నప్పుడే నా సంగతి నాకు ఎక్కువగా తెలిసింది.

మొదట ఫోను తప్పులు. చెల్లెలు పంపిన ఫొటో రాత్రిపూట ట్యూబులైటు కింద, ఫ్లాష్ వేసి తీసింది. పెన్సిల్ గీతకు ఒక గుణం ఉంది. గ్రాఫైటు గట్టిగా పడినచోట మెరుస్తుంది. ఎదురుగా వెలుగు పడితే నల్లగా ఉండాల్సిన గీత కాస్తా తెల్లగా పాలిపోతుంది. పాప అన్నింటికంటే గట్టిగా నొక్కి గీసింది పలుపును. గేదె తెంచుకుపోకూడదు కదా. కాగితం వెనక తడిమితే చేతికి తగిలేంతగా నొక్కింది. ఫొటోలో మాత్రం అదే అన్నింటికంటే పేలవంగా కనిపించింది. నేను ఫొటోను నమ్మి పని మొదలుపెడితే, బొమ్మలో అతి గట్టి గీత అతి నీరసమైన గీతగా మిగిలేది.

ఇక్కడ నా బద్ధకం గురించి చెప్పాలి. "మళ్లీ తీసి పంపు" అనడానికి నాకు మనసొప్పలేదు. కాగితాల్ని స్కాన్ చేసే యాప్‌లో ఆ ఫొటోనే పెట్టి ఒక్క మీట నొక్కితే కాగితం తెల్లగా, గీతలు నల్లగా వచ్చేస్తాయి. అది బిల్లులకూ దస్తావేజులకూ చేసిన ఏర్పాటు. లేత గీత, ముదురు గీత అన్న తేడా దానికి అక్కర్లేదు. ఉంటే నలుపు, లేకపోతే తెలుపు. పాప పెన్సిల్‌ని ఎక్కడ మెల్లగా ఆనించిందో, ఎక్కడ పట్టుదలగా నొక్కిందో ఆ ఒక్క మీటతో మాయమవుతుంది. నా బద్ధకం ఎప్పుడూ శుభ్రత వేషంలోనే వస్తుందని గమనించాను. పని తప్పించుకుంటున్నానని అనిపించదు. బొమ్మ తేటగా వచ్చిందనే అనిపిస్తుంది.

నోటుపుస్తకం నా దగ్గరికే తెప్పించుకున్నాను. పొద్దున పూట, నేరుగా ఎండ పడని కిటికీ పక్కన బల్లమీద పెట్టాను. వెలుగు పక్కనుంచి రావాలి, ఫోను నీడ కాగితం మీద పడకూడదు. పేజీ వెనకవైపు ఎక్కాలు రాసి ఉన్నాయి, అవి ఇటువైపు లీలగా తేలుతున్నాయి. పేజీ కింద నల్ల కాగితం పెడితే అవి చాలావరకు అణిగిపోతాయి. ఫోనును దగ్గరగా పెడితే పేజీ అంచులు వంగినట్టు వస్తాయి కాబట్టి, పుస్తకాల దొంతరమీద కాస్త ఎత్తులో కదలకుండా నిలబెట్టి తీశాను. ఆ తరవాత ఫోనును కదపకుండా, అదే చోట తెల్లటి ఖాళీ కాగితం పెట్టి ఇంకో ఫొటో తీశాను. ఈ రెండో ఫొటో ఎందుకో చెప్తాను.

కిటికీ వైపు కాగితం తెల్లగా, అవతలి వైపు బూడిదరంగుగా పడుతుంది. కంటికి తెలియదు, ఫొటోలో తెలుస్తుంది. దీన్ని సరిచేయడానికి చాలామంది అదే ఫొటో నకలును Gaussian Blur తో బాగా మసకచేసి, Divide అనే పద్ధతిలో పైన పెడతారు. ఉత్త గీతల బొమ్మకైతే అది చక్కగా పనిచేస్తుంది. కానీ గేదె ఒళ్లంతా నలుపు రుద్ది ఉంది. మసకచేసిన నకలు ఆ నలుపును కూడా నీడే అనుకుంటుంది, నీడను తీసేసినట్టే గేదె నలుపునూ తీసేస్తుంది. అంచులు మిగిలి, మధ్యలో డొల్ల గేదె వస్తుంది. ఖాళీ కాగితం ఫొటోలో గేదె లేదు, గదిలోని వెలుగూ నీడా మాత్రమే ఉన్నాయి. దాన్ని కొంచెం మసకచేసి Divide పెడితే గది నీడ మాత్రమే పోతుంది. పాప రుద్దిన నలుపు అలాగే ఉంటుంది. పేజీ నాలుగు మూలలు లాగి సాపు చేయడం ఆ తరవాతే, ఎందుకంటే రెండు ఫొటోలూ అంతవరకు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి.

తరవాత నోటుపుస్తకం గీతలు. నీలం అడ్డగీతలు, ఎడమవైపు ఎర్రటి నిలువు మార్జిను. వీటిని ఒక్కొక్కటే రబ్బరుతో తుడిస్తే వాటిమీదుగా పోయిన పెన్సిల్ గీతలూ తెగుతాయి. దీనికి మంచి ఉపాయం ఉంది. ప్రతి రంగు ఫొటో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు నలుపుతెలుపు పొరలుగా విడిపోతుంది. జింప్‌లో అయితే Colors > Components > Decompose అంటే చాలు. నీలం గీత నీలం పొరలో కాగితమంత తెల్లగా ఉంటుంది, అంటే దాదాపు కనపడదు. పెన్సిల్ మూడు పొరల్లోనూ నలుపే. కాబట్టి నీలం పొరను తీసుకుంటే అడ్డగీతలు వాటంతట అవే పోతాయి. ఎర్ర మార్జిను మాత్రం నీలం పొరలో మరింత ముదురుగా కనపడుతుంది. ఆ సన్నటి పట్టీ వరకు ఎరుపు పొరను తెచ్చి అతికించుకోవాలి. ఫోను ఫొటోల్లో నీలం పొరకే ఇసుక పోసినట్టు చుక్కలు ఎక్కువ కాబట్టి వెలుగు బాగా ఉన్నప్పుడు తీసిన ఫొటో కావాలి. రాత్రి తీసిన ఫొటోతో ఈ ఉపాయం అంత బాగా పారదు.

ఇంతవరకు నా మనసులో ఏ గొడవా లేదు. ఇదంతా ఫోను తప్పూ నోటుపుస్తకం తప్పూను. గొడవ Levels దగ్గర మొదలైంది. అందులో తెలుపు మీటను లోపలికి జరిపేకొద్దీ కాగితం తెల్లబడుతుంది, మరకలు పోతాయి. వాటితోపాటు పాప మొదట తడుముకుంటూ గీసిన లేత గీతలూ పోతాయి. గేదె వీపు దగ్గర అలాంటి గీతలు రెండు మూడున్నాయి. ఎక్కడ పెట్టాలా అని వెతికి, తరవాత ఒకచోట గట్టిగా గీసింది. తెర మీద బొమ్మను చిన్నగా చూస్తే ఆ లేత గీతలు మురికిలా ఉంటాయి. నూరు శాతానికి పెంచి చూస్తేనే అవి గీతలని తెలుస్తుంది. నా చెయ్యి మీటను ఇంకా లోపలికి జరపాలంది. ఎందుకని అడిగితే వచ్చిన జవాబు నాకు నచ్చలేదు. తెల్లటి కాగితం మీద ఒంటి గీత ఉంటే అది తెలిసినవాళ్ల పనిలా ఉంటుంది. వెతుకులాట కనిపిస్తే నేర్చుకుంటున్నవాళ్ల పనిలా ఉంటుంది. నా పేరున్న పనిలో వెతుకులాట కనిపించడం నాకిష్టం లేదు. నా సొంత బొమ్మల్లో కూడా నేను ముందు చెరిపేసేవి అవే. మీటను సగంలో ఆపాను. కాగితం కొంచెం బూడిదగానే మిగిలింది. మిగతా మరకల్ని ఒక్కోదాన్ని చేత్తో తీయాలనుకున్నాను.

మరకల్ని తీసే ముందు పాపకు ఫోను చేశాను. గేదె తోక దగ్గర పది దాకా చిన్న చుక్కలున్నాయి, పెన్సిల్ ముక్కు విరిగి పడిన పొడిలా. "అవేంటమ్మా?" అంటే, "ఈగలు పెద్దమ్మా. అందుకే తోక పైకి పెట్టాను" అంది. తోక పైకి ఎందుకుందో కూడా నేను అడగలేదు, అదే చెప్పింది. ఈగలు పోతే తోక కారణం లేకుండా లేచి నిలబడేది. ఏది మరక, ఏది బొమ్మ అని నా అనుభవంతో తేల్చుకోగలననుకోవడం కూడా ఒక గర్వమే. ఎదురుగా మనిషి ఉండగా, అడిగితే చెప్పేదై ఉండగా, ఊహించి తేల్చడం నాకు ఎందుకు అంత సహజంగా అనిపించింది? ఏడేళ్ల పిల్ల మాటను నా పనిలో ఆధారంగా తీసుకోవడం నాకు అలవాటు లేదు కాబట్టి. పెద్ద చిత్రకారుడి బొమ్మను అచ్చుకు సిద్ధం చేస్తుంటే అడక్కుండా ఒక్క చుక్క ముట్టుకునేదాన్ని కాదు.

ఇక గీతల మాట. పాప గీతనే ఉంచాలా, దానిమీద నేను మళ్లీ గీయాలా? మళ్లీ గీస్తే అచ్చులో గీత గట్టిగా ఉంటుంది, పనిచేసినట్టు కనిపిస్తుంది. ఒక పక్కన గీసి చూసుకున్నాను. వంకర ఎక్కడుందో అక్కడే వంకర పెట్టాను, ఎక్కడ తెగిందో అక్కడే తెంపాను. అయినా గేదె చచ్చిపోయింది. కారణం వేగం. పాప గేదె వీపును ఒక్క ఊపులో లాగింది. మొదట్లో ముదురుగా మొదలై, చివర సన్నబడి గాల్లోకి లేచిపోయింది గీత. నేను ఆ దారినే జాగ్రత్తగా, మెల్లగా వెళ్లాను. మెల్లగా వెళ్లిన గీతలో లావు అంతటా ఒకేలా ఉంటుంది, లోపల సన్నటి వణుకు ఉంటుంది. దారి అదే, నడక వేరు. పైగా క్రీటాలో గీత వణక్కుండా కాచే Stabilizer అనే ఏర్పాటు పెట్టుకోవడం నాకు అలవాటు. అది వణుకునూ తీస్తుంది, మూల తిరిగినచోట పాప చెయ్యి గబుక్కున ఆగి మళ్లిన కోణాన్నీ గుండ్రం చేస్తుంది. ఇంక్‌స్కేప్‌లో Trace Bitmap తో యంత్రం చేతే గీయిస్తే ఇంకో చిక్కు. పెన్సిల్ గీతలోని బూడిద ఛాయలు పోయి, గీత రెండు అంచుల మధ్య నిండిన నల్లటి బద్దీలా మారుతుంది.

నేను గీసినదాన్నీ పాప గీతనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నప్పుడు నాలో లేచినదాన్ని నిజాయితీగా చెప్పాలంటే అసూయ అనాలి. గీత గీసేముందు నేను కొలుచుకుంటాను, తల ఎన్ని పాళ్లు, ఒళ్లు ఎన్ని పాళ్లు అని. ఆ కొలతలు నేర్చుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లలో ఒక్క ఊపులో గీత లాగే ధైర్యం తగ్గింది. పిల్లల గీతను సాపు చేయాలన్న నా తొందరలో, అది గుర్తుచేసే నష్టాన్ని చూడలేకపోవడం కూడా ఉందేమో. పూర్తిగా ఉందని చెప్పలేను. లేదని మాత్రం చెప్పలేను.

చివరికి పాప పెన్సిల్ గీతనే గీతల పొరగా ఉంచాను. దాన్ని Multiply పద్ధతిలో పైన పెడితే తెలుపు కనపడకుండా పోయి గీత మాత్రమే కింది రంగుల మీద నిలుస్తుంది. మెరుగు అంతా రంగుల్లోనే పెట్టాలని నిర్ణయించుకున్నాను. అక్కడ కూడా ఒక చిక్కుంది. మూసి ఉన్న గీతల మధ్య ఒక్క నొక్కుతో రంగు నింపే మామూలు బకెట్టు పాప బొమ్మలో పనిచేయదు. గేదె వెనక కాలు పొట్టకు ఆనలేదు, సందు ఉంది. రంగు ఆ సందులోంచి పేజీ అంతా పారుతుంది. సందును మూసేస్తే నిమిషంలో పనైపోతుంది, కానీ ఆ కాలు గేదెకు అతుక్కుని బరువెక్కుతుంది. కాబట్టి గీతలతో సంబంధం లేకుండా, కింద వేరే పొరలో గేదె ఆకారాన్ని చేత్తో చుట్టి నింపాను. దాని అంచు పాప గీతకు సరిగ్గా కలవలేదు. కొన్నిచోట్ల బయటికొచ్చింది, కొన్నిచోట్ల లోపలే ఆగింది. కలపకుండా వదిలేశాను.

ఏ రంగు వేయాలన్నది కూడా పాపనే అడిగాను. "నలుపు కాదు పెద్దమ్మా. కడిగాక ఉంటుంది చూడు, అట్లా" అంది. కడిగిన గేదె ఒంటిమీద ఆకాశం నీలంగా మెరుస్తుంది. నాకు నలుపే తోచింది, ఎందుకంటే గేదె నలుపని నాకు తెలుసు. నిజంగా చూసింది పాప. రంగుల విషయంలో ఆ పిల్ల చూసినదాన్ని చెప్తుంటే నేను తెలిసినదాన్ని వేయబోయాను. నీలం కలిసిన బూడిద తీసుకున్నాను, అనుకున్నదానికంటే బాగా లేతగా. Multiply కింద ముదురు రంగు పెడితే పెన్సిల్ నలుపు అందులో మునిగిపోతుంది. రంగు లేతగా ఉంటేనే పాప రుద్దిన ఆ అటూ ఇటూ గీతలు గేదెకు ముదురునిస్తాయి, మధ్యలో మిగిలిన సందులు కడిగిన ఒంటి మెరుపవుతాయి. వెలుగునీడలు వేరే వేయలేదు. అమ్మమ్మ చీరకు ఒక ఎరుపు, నేలకు ఒక మట్టిరంగు, అంతే. వెనక పూరిల్లు, కొబ్బరిచెట్లు వేయాలని చెయ్యి లాగింది. అవి గేదె కోసం కాదు. "ఇంతేనా?" అని ఎవరైనా అంటారేమోనన్న భయంతో. పనిచేశానని కనిపించడానికి చేసే పని ఎంత ఉంటుందో ఆ కొబ్బరిచెట్ల దగ్గర అర్థమైంది.

ఇంతవరకు వచ్చాక నా నియమం మీద నాకే గట్టి అనుమానం వచ్చింది. బొమ్మ చూపిస్తే పాప అంతా బాగుందంది గానీ, ఒకచోట ముఖం చిట్లించింది. "ఆ ముందు కాలు నాకు సరిగ్గా రాలేదు. నువ్వు దిద్దు పెద్దమ్మా" అంది. చూస్తే నిజమే, అక్కడ రబ్బరుతో చెరిపి మళ్లీ వేసిన మరక ఉంది, కాగితం రేగి ఉంది. నేనేమో దాన్ని కూడా పవిత్రంగా కాపాడుకొచ్చాను. అప్పుడు తట్టింది. పిల్లల బొమ్మలో ముచ్చట అనేది మన పెద్దవాళ్ల కంటికి. పాప ముచ్చటగా ఉండాలని వేయలేదు, గేదెలా ఉండాలని వేసింది. వాళ్లు సరిచేయమన్నదాన్ని కూడా ముచ్చట పేరుతో అలాగే ఉంచితే, అది వాళ్లను గౌరవించినట్టా, మన సరదా తీర్చుకున్నట్టా? ఏమీ ముట్టుకోనన్న పట్టుదలలో కూడా నా గర్వమే ఇంకో దారిన దూరింది. దిద్దితే నేర్పరినన్న గర్వం, దిద్దకపోతే రసికురాలినన్న గర్వం.

దిద్దమన్నది కదా అని నేనే దిద్దితే మళ్లీ నా గీత వస్తుంది. పాపనే ఇంకో కాగితం మీద ఆ కాలొక్కటే వేయమన్నాను. అదే పెన్సిల్‌తో, బొమ్మలో ఎంత ఉందో అంతే పొడవుగా. ఆ పొడవు సంగతి ముఖ్యం. పెద్దగా వేసినదాన్ని తగ్గించి అతికిస్తే గీత కూడా సన్నబడి, మిగతా గేదెకు పరాయిదానిలా ఉంటుంది. పెన్సిల్ కాగితాన్ని పట్టుకున్న తీరు కూడా మారుతుంది. అదే కిటికీ దగ్గర, అదే పొద్దుటి వెలుగులో, ఫోనును అదే ఎత్తులో పెట్టి ఫొటో తీసి, పాత కాలు చోట కూర్చోబెట్టాను. కొత్త కాలు నా కంటికి పాతదానికంటే బాగున్నట్టేమీ లేదు, ఇంకొంచెం లావైంది, అంతే. పాపకు మాత్రం నచ్చింది. "ఇప్పుడు నిలబడింది" అంది.

పని ముగిసినట్టు ఎలా తెలుస్తుంది? నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే. కిటికీ దగ్గర తీసిన మొదటి ఫొటోను అలాగే మూలలు లాగి సాపు చేసి, సగం పారదర్శకంగా పూర్తయిన బొమ్మ మీద పరిచి, ఒక్కోచోటే చూడటం. రెండూ విడిపోయిన ప్రతిచోటా ఆ తేడా ఎవరిదో చెప్పగలగాలి. గదిలోని వెలుగుదా, నోటుపుస్తకానిదా, పాపదా, నాదా? నాది అన్నచోట కారణం అడగాలి. అలా చూస్తే అమ్మమ్మ చేతి దగ్గర ఒక గీత కొస కొంచెం సాపుగా ఉంది. మరక తీస్తూ నేనే తెలియకుండా అంచు సరిచేశాను. ఏ కారణమూ దొరకలేదు. పాత గీతను అసలు ఫొటోలోంచి తెచ్చి పెట్టేశాను. ఏ4 సైజులో అచ్చు వేసి చూస్తే ఆ తేడా ఎవరికీ తెలియదు. అయినా ఈ పనిలో నాకు అక్కరకొచ్చింది ఆ చిన్న చోట్లే, ఎందుకంటే పెద్ద మార్పులు చేసేటప్పుడు మనల్ని మనం కాచుకుంటాం. చిన్నవి మనకు తెలియకుండానే జరిగిపోతాయి.

బొమ్మ చూసి మా అమ్మ పాపను దగ్గరికి తీసుకుంది. గేదె కళ్లు చూసి నవ్వింది, ఈగల్ని అడక్కుండానే ఈగలని పోల్చుకుంది. రంగుల గురించి ఎవరూ ఏమీ అనలేదు. "నువ్వేం చేశావక్కా దీన్లో, ఫొటో తీసి రంగేశావా?" అంది చెల్లెలు మామూలుగానే. పని కుదిరిందనడానికి అంతకంటే మంచి గుర్తు ఉండదని నాకు తెలుసు. అయినా లోపల ఎక్కడో చివుక్కుమంది. నీలం పొర గురించి, ఖాళీ కాగితం గురించి చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. చెప్పకపోవడం వినయం వల్లో, అడిగించుకోవాలన్న ఆశ వల్లో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ చివుక్కు పోతుందని నేను అనుకోను. పిల్ల రాసిన వాక్యాన్నో, వేసిన ముగ్గునో, కలిపిన లెక్కనో పక్కన కూర్చుని దిద్దుతున్న ఎవరికైనా అది ఎంతో కొంత తెలిసే ఉంటుందనుకుంటున్నాను. పాప కోసం దిద్దుతున్నామా, మనం కనపడటానికి దిద్దుతున్నామా అన్నది చేతిలో పెన్నుండగా తేల్చుకోవడం కష్టం. నాకు తెలిసింది ఒక్కటే. చెయ్యి తొందరపడిన ప్రతిచోటా ఆగి కారణం అడిగితే, సగం సార్లు వచ్చే జవాబుకు బొమ్మతో ఏ సంబంధమూ ఉండటం లేదు. మిగతా సగం కోసమే ఆ పని నేర్చుకున్నాను.